శుక్రవారం రిపోర్టులో బావగారి పేరు

మా ఆఫీసులో ఆవిడ పేరు శుక్రవారం. ఎదురుగా ఉంటే "శుక్రవారంగారూ" అనేవాళ్ళు, వెనకాల "శుక్రవారం వస్తోందిరోయ్, సర్దుకోండి" అనేవాళ్ళు. నేను మాత్రం అక్కా అనేదాన్ని. నన్నందరూ సూది అంటారు. ప్రోగ్రామర్లు రాసినదాంట్లో తప్పులు వెతికి పొడుస్తాను కాబట్టి ఆ పేరు పెట్టారు. టెస్టర్ని కదా, నాకేం బాధ లేదు. అక్కకి మాత్రం బాధగానే ఉండేది. మనిషికి వారం పేరేమిటే అనేది.

ఆవిడ సీటు మంచినీళ్ళ మిషను పక్కన. వచ్చేపోయేవాళ్ళ మోచేతులు తగులుతూ ఉంటాయని అక్కడ ఎవరూ కూర్చోరు. అక్క మాత్రం ఏరికోరి కూర్చుంది. నీళ్ళు పట్టుకోవడానికి వచ్చినవాడు తప్పించుకోలేడు కదా. "ఏమయ్యా, నీ పుల్ రిక్వెస్టు సంగతేంటి? ఎవరు చూడాలి? అడిగావా, అడగడానికి మొహమాటమా?" అని సీసా నిండేలోపు విషయం లాగేసేది.

ఈ పని తెలియనివాళ్ళకి ఒక ముక్క చెబుతాను. మాది క్లినిక్కుల్లో అపాయింట్‌మెంట్లు ఇచ్చే సాఫ్ట్‌వేరు. ప్రోగ్రామరు ఒక మార్పు రాస్తే అది నేరుగా అసలు కోడులో కలిసిపోదు. తన బ్రాంచిలో, అంటే అసలు కోడుకి విడిగా ఉండే నకలులో పెట్టుకుని, కలపండి బాబూ అని అర్జీ పెట్టుకోవాలి. దాన్నే పుల్ రిక్వెస్టు అంటారు. ఇంకొకరు చదివి, వంకలు పెట్టి, చివరికి సరే అంటేనే కలుస్తుంది. చదవాల్సినవాడు చదవకపోతే అలా పడి ఉంటుంది. ఈలోగా అసలు కోడు మారిపోతూ ఉంటుంది కాబట్టి, పడి ఉన్నది దానితో ఢీకొంటుంది. మళ్ళీ కూర్చుని సరిచేయాలి. సరిచేస్తే అంతకుముందు ఎవరైనా సరే అని ఉన్నా ఆ సరే చెల్లదు. మళ్ళీ బతిమాలాలి. పిల్లని చూడ్డానికి వస్తామని చెప్పి రానివాళ్ళ కోసం రోజూ ఇల్లు ఊడ్చుకున్నట్టు ఉంటుంది ఆ వ్యవహారం.

వీటన్నిటి మీదా అక్క ప్రతి శుక్రవారం మేనేజరుకి రిపోర్టు పంపాలి. ఎన్ని తెరిచి ఉన్నాయి, కొత్తగా ఎన్ని వచ్చాయి, ఎన్ని కలిశాయి, ఏది ఎంత పాతది, ఏది దేనికి అడ్డం పడి ఆగింది. అంకెలు మిషనే ఇస్తుంది. ఆగిన కారణం మిషను చెప్పదు. అది అక్క మనుషుల దగ్గరికి వెళ్ళి అడిగి రాసేది. ఆవిడ రిపోర్టులో ఒక గడి ఉండేది, "ఎవరి చేతిలో ఉంది" అని. ఆ గడి చదివితే చాలు, ఎవరిని కదిపితే ఏది కదులుతుందో తెలిసిపోయేది. పాత మేనేజరు ఆ గడి పట్టుకుని శుక్రవారం సాయంత్రం టేబుల్ టేబుల్‌కీ తిరిగేవాడు. ఆయన వెళ్ళిపోయాడు. కొత్తాయన వచ్చాడు.

కొత్త మేనేజరు గొంతు పెంచి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. నవ్వుతూ మాట్లాడతాడు, పేరు పెట్టి పిలుస్తాడు, కుర్చీ లాగి కూర్చోబెడతాడు. ఆ నవ్వు చూస్తేనే నాకు ఒళ్ళు మంట. మొదటి రిపోర్టు చూసి అక్కని గదిలోకి పిలిచాడు. నేను వేరే పని మీద అక్కడే ఉన్నాను.

"చాలా బాగుంది మేడమ్. ఈ గడి ఒకటి ఎందుకండీ?"

"ఎవరు కదిలిస్తే కదులుతుందో తెలియాలి కదా సర్."

"పేర్లు చూస్తే మనుషులు బాధపడతారండీ. మనది కుటుంబంలాంటి టీమ్. తీసేద్దాం."

"మరి రాసినవాళ్ళ పేరు కూడా తీసెయ్యనా సర్?"

"అదెలా? అది ఉండాలిగా. ఎవరి బిడ్డకి వాళ్ళే బాధ్యులు." నవ్వాడు. "అలాగే ఈ 'ఆగింది' అని రాస్తున్నారే, అది కూడా వద్దు. ఆగింది అనేది ఒక సాకు. వయసు లెక్క వెయ్యండి చాలు."

ఆ గడిలో ఎక్కువసార్లు కనిపించే పేరు ఒకడిది. వాణ్ణి మేము కొత్తల్లుడు అంటాం. మేనేజరు వాణ్ణి అలా చూసుకుంటాడు మరి. వాడు ఆవులిస్తే ఈయన చిటికె వేస్తాడు. అపాయింట్‌మెంటు ఇచ్చే భాగమంతా వాడు రాసిందే. ఆ భాగంలో ఎవరు ఏం మార్చాలన్నా వాడు గానీ, వాడి పైన మేనేజరు గానీ సరే అనాలి. వాడేమో తను రాసినదాంట్లో ఇంకొకడు చెయ్యి పెట్టడం ఇష్టం లేని రకం. కాదని అనడు. చూడడు, అంతే.

అలా వాడు చూడనివన్నీ ఒక మనిషివి. ఆయన అక్కకి సొంత బావగారు, అంటే అక్క వాళ్ళక్క మొగుడు.

ఇక్కడ అక్క సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడ పెళ్ళి నిలవలేదు. ఎందుకు నిలవలేదో ఆవిడ చెప్పదు, నేను అడగను. పెట్టె పట్టుకుని అక్క ఇంటికి వస్తే, గుమ్మంలో ఎదురొచ్చి పెట్టె అందుకున్నది బావగారేనట. "పై గది ఖాళీగానే ఉంది చిన్నమ్మడూ" అన్నారట, అంతే. భార్యని పెద్దమ్మడు అనీ, మరదలిని చిన్నమ్మడు అనీ పిలిచేవారు. అప్పటినించీ అక్క ఆ పై గదిలోనే ఉంది. తరవాత ఆయన పనిచేసే కంపెనీ మూతపడితే, మా ఆఫీసులో ఖాళీ ఉందని చెప్పి తీసుకొచ్చి పెట్టింది అక్కే. ఆ వయసులో ఇంకోచోట ఎవరూ పిలవడం లేదు. ఈ ఉద్యోగం పోతే ఆయనకి మరొకటి రాదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆఫీసులో ఆయన్ని నిదానం అనేవాళ్ళు. ఏం అడిగినా "నిదానంగా చూద్దాం" అనేవారు. నిజం చెప్పొద్దూ, నాకే విసుగొచ్చేది ఒక్కోసారి. పది ముక్కల్లో చెప్పాల్సిందానికి పేజీ రాస్తారు. టీ తాగడానికి లేస్తే కప్పు కడిగి, తుడిచి, వెలుతురుకి పట్టి చూసి గానీ పోసుకోరు. కానీ ఆయన రాసినదాంట్లో తప్పు పట్టాలంటే నాకు తల ప్రాణం తోకకొచ్చేది. చాలాసార్లు దొరికేదే కాదు.

ఆయన పుల్ రిక్వెస్టుల్లో అన్నిటికంటే పాతది ఒకటుంది. ఇద్దరు రోగులు ఒకే సమయానికి, ఒకే క్షణంలో బటన్ నొక్కితే మా సాఫ్ట్‌వేరు ఇద్దరికీ ఆ సమయమే ఇచ్చేసేది. అరుదుగా జరిగేది, కానీ జరిగేది. కొత్తల్లుడు రాసినప్పుడు అది ఆలోచించలేదు. బావగారు దాన్ని సరిచేశారు. సరిచేసి, నిరూపించడానికి ఒక టెస్టు కూడా రాశారు. అందులో ఇద్దరు రోగులు, ఒకామె పెద్దమ్మడు, ఇంకొకామె చిన్నమ్మడు. ఇద్దరూ ఒకేసారి నొక్కుతారు. ఒకరికి చోటు దొరకాలి, రెండోవారికి "ఈ సమయం నిండిపోయింది, మరొకటి చూసుకోండి" అని రావాలి. నాకు చూపించి, "పేర్లు ఎవరికీ చెప్పకు, కొడతారు నన్ను" అని నవ్వారు. నేను నానా రకాలుగా నొక్కి చూశాను. బ్రహ్మాండంగా పనిచేసింది.

దాన్ని కొత్తల్లుడు ఒకసారి తెరిచి, కోడులో ఒక లైనుకి పేరు మార్చమన్నాడు. ఈయన మార్చారు. వాడు మళ్ళీ రాలేదు. అసలు కోడు మారింది, ఈయన సరిచేసుకున్నారు. మళ్ళీ మారింది, మళ్ళీ సరిచేసుకున్నారు. అడిగితే వాడు "చూస్తానండీ అంకుల్" అనేవాడు. అందరి ముందూ అంకుల్ అని పిలిచేవాడు.

మేనేజరు వయసు లెక్కే ముఖ్యం అన్నాక మా ఆఫీసులో ఒక విద్య పుట్టింది. దాని పేరు స్నానం. పాతబడిన పుల్ రిక్వెస్టుని గురువారం మూసేయడం, అదే బ్రాంచి మీద కొత్తది తెరవడం. మూసిందాన్నే మళ్ళీ తెరిస్తే పాత తేదీయే ఉంటుంది కాబట్టి కొత్తదే తెరవాలి. శుక్రవారం అక్క లెక్క తీసేసరికి దాని వయసు ఒక్క రోజు. "ఏరా, స్నానాలయ్యాయా?" "నా రెండింటికీ పోసేశాను, నీదే మిగిలింది" అని గురువారం సాయంత్రం నీళ్ళ మిషను దగ్గర ఒకటే నవ్వులు.

సగటు వయసు ధనధనా పడిపోయింది. మేనేజరు ఆ గీత బొమ్మ వేసి పైవాళ్ళకి చూపించాడు. పైవాళ్ళు మెచ్చుకున్నారు. అసలు కోడులో కలిసినవి మాత్రం వెనకటికంటే ఎక్కువేం లేవు. కలవకుండా మూసేసినవి పెరిగాయి. ఆ అంకె అక్క చూసింది. ఎవరూ అడగలేదు కాబట్టి రిపోర్టులో దానికి గడి లేదు.

స్నానం చేయించనిది ఒక్క బావగారే. అక్క ఆయన్ని మెట్ల దగ్గర పట్టుకుని పోట్లాడడం నేను విన్నాను.

"బావగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. అందరూ చేస్తున్నదే. మూసి తెరవండి. రెండు నిమిషాల పని."

"దాని కింద మాటలన్నీ ఉన్నాయమ్మా. ఎందుకిలా రాశానో, ఏది ప్రయత్నించి వదిలేశానో. మూసేస్తే అవి పాతదాంట్లో ఉండిపోతాయి. రేపు ఎవరైనా చూస్తే ఏం అర్థమవుతుంది?"

"ఎవరు చూస్తారండీ రేపు? ఇవాళ చూసే దిక్కు లేదు!"

"నిదానంగా చూస్తాడులే. కుర్రాడు, పని ఒత్తిడి. ఇంకోసారి అడుగుతాను."

"రిపోర్టులో పాతవాటి కింద మీ పేరు తప్ప ఇంకో పేరు లేదు. అది నా చేత్తో నేనే పంపుతున్నాను. నాకు అన్నం సహించడం లేదు."

"ఉన్నది ఉన్నట్టు పంపు చిన్నమ్మడూ. నీ పని నువ్వు చెయ్యి" అన్నారాయన, భుజం తట్టి. మంచితనమో మొండితనమో, ఆ మనిషిలో రెండింటినీ విడదీసి చూడడం నా వల్ల కాలేదు.

ఒక మంగళవారం పైనించి మాట వచ్చింది. ప్రతి టీములోనూ ఒకరిని తగ్గించాలి. మేనేజరు అక్కని పిలిచి, ఈ వారం రిపోర్టు కాస్త శ్రద్ధగా చెయ్యమన్నాడు. "అభిప్రాయాలతో మనుషుల్ని తీసేసే రకం కాదండీ నేను. అంకెలు ఏం చెబితే అది." అక్క బయటికొచ్చింది. నా కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడింది.

"ఆయన్ని తీసేస్తారే" అంది. "నా అంకెలతోనే తీసేస్తారు."

"అయితే అంకెలు మార్చక్కా" అన్నాను నేను.

"మార్చను. సరిగ్గా లెక్కపెడతాను."

రెండు రోజులు తలెత్తలేదు. మూసేసిన ప్రతిదాని బ్రాంచి పేరు, తెరిచిన ప్రతిదాని బ్రాంచి పేరు పక్కపక్కన పెట్టింది. ఒకే బ్రాంచి అయితే ఒకే పని కింద కట్టింది. మొట్టమొదట తెరిచిన రోజునించి వయసు లెక్క వేసింది. తెల్లగా స్నానం చేసి కూర్చున్నవన్నీ ఒక్కసారిగా ముసలివైపోయాయి. ఆఫీసులో పాత పనులు లేనివాడు లేడు. తీసేసిన గడి మళ్ళీ పెట్టింది, "ఎవరి చేతిలో ఉంది" అని. బావగారి వరస పొడవునా ఒకటే పేరు, కొత్తల్లుడిది. కొత్తల్లుడి సొంత పని ఒకటి బావగారిదానికంటే పాతది, నాలుగు స్నానాలు చేసింది. ఒక్క అంకె అబద్ధం లేదు. నేను కూర్చుని ఒక్కొక్కటీ సరిచూశాను, పొడవడానికి సందు దొరకలేదు. అక్క కింద రెండు ముక్కలు రాసింది. పాత లెక్కలో లోపం ఏమిటి, ఈ వారం ఎవరు ఏది చూస్తే ఎన్ని కదులుతాయి. శుక్రవారం మధ్యాహ్నం పంపేసి, చాలా రోజుల తరవాత డబ్బా తెరిచి కడుపునిండా తింది. "చదివినవాడికి అర్థం కాకుండా పోదు కదే" అంది.

అర్థం కాకేం? శుభ్రంగా అర్థమైంది. అదే వచ్చిన చిక్కు. పైవాళ్ళకి చూపించి మెప్పు పొందిన ఆ గీతంతా దొంగ గీత అని అర్థమైంది.

సోమవారం అందరినీ మీటింగు గదిలో కూర్చోబెట్టి, అక్క రిపోర్టు గోడ మీద పడేలా పెట్టాడు. అక్క ముందు వరసలో కూర్చుంది, మంచి చీర కట్టుకొచ్చింది. బావగారు చివర తలుపు దగ్గర.

"మేడమ్ చాలా కష్టపడ్డారు. కొత్త లెక్క కనిపెట్టారు" అన్నాడు మేనేజరు. "ఒక్క చిన్న ప్రశ్న మేడమ్. ఈ కొత్త లెక్కలో బాగా లాభపడింది ఎవరు?"

అక్కకి అర్థం కాలేదు. "లాభం అని కాదు సర్, మొదట తెరిచిన రోజునించి..."

"ఊరికే అడుగుతున్నానండీ. ఈయన మీకు ఏమవుతారు?" తలుపు వైపు చెయ్యి చూపించాడు.

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మా బావగారు."

"ఒకే ఇంట్లో ఉంటారు కదా?"

"ఉంటాం సర్. కానీ అంకెలు..."

"అంకెలు కుటుంబ సభ్యులు లెక్కపెడితే ఎలా ఉంటాయో చూస్తున్నాం కదండీ." ఆ నవ్వు. "బావగారంటే ప్రేమ ఉండడం తప్పు కాదు. ఇంట్లో చూపించుకోండి. ఆఫీసు లెక్క ఆఫీసుదే."

ఈసారి గదంతా నవ్వింది. స్నానాలు చేయించినవాళ్ళందరూ నవ్వారు. తమ పాత పనులు గోడ మీద బట్టల్లేకుండా నిలబడి ఉంటే, ఆ నవ్వులో ఎంత హాయి ఉందో! కొత్తల్లుడు కళ్ళు తుడుచుకున్నాడు. నేను లేచి, "అంకెలన్నీ నేను సరిచూశాను సర్, ఒక్కటీ తప్పు లేదు" అన్నాను. "మీరు మేడమ్‌కి మంచి స్నేహితురాలు కదా" అన్నాడు. మళ్ళీ నవ్వు. ఇంక నా మాట ఎవడు వింటాడు?

అన్నిటికంటే ఘోరం తరవాత జరిగింది. బావగారు లేచి నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు. "మా మరదలికి ఇలా చెయ్యమని నేను చెప్పలేదండీ" అన్నారు. "తెలియక చేసింది. క్షమించండి."

అక్క వెనక్కి తిరిగి ఆయన్ని చూసిన చూపు నేను మరిచిపోలేను. మేనేజరు రిపోర్టు మూసేసి, పాత లెక్కతో మళ్ళీ పంపమన్నాడు. అక్క పంపింది. పాతవాటి కింద మొదటి వరసలన్నీ బావగారివే. ఆ కాగితం ఆయన చేతికే ఇచ్చి, చూసుకోమని, మధ్యాహ్నానికల్లా ఆయన ఆఫీసు కార్డు తీసేసుకున్నారు. ఆయన తన కప్పు కడిగి, తుడిచి, వెలుతురుకి పట్టి చూసుకుని సంచిలో పెట్టుకున్నారు.

ఆ ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి వాళ్ళక్క మెట్ల కింద నిలబడి ఉంది, చేతిలో చీపురు.

"దీని రిపోర్టు చూపించే తీశారట కదమ్మా" అంది నాతో, చెల్లెలు పక్కనే ఉన్నా. "నువ్వు ఆఫీసు మనిషివి, నువ్వు చెప్పు. ఔనా కాదా?"

"ఔనండీ, కానీ అక్క అంతకుముందే నిజం లెక్క..."

"ఔనా కాదా అంటే ఔను. చాలు." చెల్లెలి వైపు తిరిగింది. "తలదాచుకోడానికి వచ్చినదానివి ఆయన నోటి కాడ కూడు తీశావు కదే. ప్రతి వారం ఆయన పేరు నీ చేత్తో రాసి పంపావు. ఇంట్లో కూర్చుని ఆయన వడ్డిస్తే తిన్నావు. ఎలా దిగిందే ముద్ద?"

"అక్కా, నేను మార్చమని ఆయన్ని..."

"పై గది అద్దెకి ఇవ్వాలి. జీతం లేని ఇల్లు. వచ్చేవాళ్ళు ఒకటో తారీఖుకి దిగుతామన్నారు."

బావగారు లోపల ఉన్నారు. తలుపు తెరిచే ఉంది, ఆయన కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పెట్టె మెట్లు దింపేటప్పుడు వచ్చి రెండోవైపు పట్టుకున్నారు, అంతే. ఆ పెట్టె మా ఇంటికే తెచ్చాం. మా ముందుగదిలో మంచం వేశాం. ఆ రోజు నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

తరవాతి వారం ఒక క్లినిక్కులో ఇద్దరు రోగులు ఒకే సమయానికి వచ్చి, నాదంటే నాదని కొట్టుకున్నంత పని చేశారు. ఆ క్లినిక్కువాళ్ళు మా పైవాళ్ళకి ఫోను చేసి నానా తిట్లూ తిట్టారు. వెంటనే సరిచెయ్యాలి. కొత్తల్లుడు పొద్దున్నించీ తల పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం వాడి మొహం వెలిగింది. బావగారి బ్రాంచి ఇంకా అక్కడే ఉంది కదా. అందులో ఉన్నదంతా ఎత్తి తన బ్రాంచిలో ఒక్క ముద్దగా పోశాడు. కొత్త ముద్ద మీద కొత్త పేరు, వాడి పేరు. పుల్ రిక్వెస్టు తెరిచాడు. తన పని తను ఆమోదించుకోకూడదు కాబట్టి మేనేజరు స్వయంగా సరే నొక్కాడు. నొక్కే హక్కు ఆయనకి మొదటినించీ ఉంది. ఎప్పుడైనా నొక్కి ఉండొచ్చు. గంటలోపు కలిసిపోయింది. బావగారి పాతదాన్నీ, ఆయనవే మిగతావాటినీ, ఇక అవసరం లేదని రాసి మూసేశారు.

పరీక్షకి నా దగ్గరికి వచ్చింది. తెరిచి చూద్దును కదా, ఇద్దరు రోగులు, పెద్దమ్మడు, చిన్నమ్మడు. వెధవ చదవను కూడా చదవలేదు! నేను అరిచినంత పని చేసి అక్కని పిలిచాను. అక్క వచ్చి నా భుజం మీదనించి చూసింది. కిందదాకా చదివింది. ఒకరికి చోటు దొరుకుతుంది, రెండోవారికి నిండిపోయిందని వస్తుంది. వెళ్ళి తన సీట్లో కూర్చుంది.

నేను మేనేజరు గదికి వెళ్ళాను. ఈ పని ఎవరిదో చెప్పాను. టెస్టులో పేర్లు చూపించాను.

"కోడు కంపెనీదండీ" అన్నాడు, నవ్వుతూ. "ఎవరి ఇంటి పేర్లు ఉంటే ఏం? బాగుందిగా, పాస్ చెయ్యండి."

శుక్రవారం వచ్చింది. మేనేజరు అక్క సీటు దగ్గరికి తనే నడిచొచ్చాడు. "మేడమ్, ఈ వారం పైన ఒక వరస కలపండి, 'వారం మెరుపు' అని. ఇంత పెద్ద పని, తెరిచిన గంటలో కలిసింది. కుర్రాళ్ళకి ఉత్సాహంగా ఉంటుంది. ఇకమీదట ఈ రిపోర్టు మిషనే పంపేలా చూస్తున్నాం. అప్పటిదాకా మీరే." సీసాలో నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయాడు.

"రాయకు అక్కా" అన్నాను.

"రాయకపోతే ఎక్కడికి పోనే?" అంది అక్క. "మీ ముందుగదిలో ఎన్నాళ్ళుండను?"

రాసింది. వారం మెరుపు. కొత్తల్లుడి పేరు. వయసు, ఒక గంట. దాని కింద, మరీ పాతవి, సున్నా. మా టీమ్ పుట్టాక ఆ గడిలో సున్నా పడడం అదే మొదటిసారి. పంపింది. అవతలనించి చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చిపడుతున్నాయి.

అప్పుడు మోగింది ఫోను. బావగారు. పెట్టె దింపిన తరవాత ఆయన మాట్లాడడం అదే. అక్క గబుక్కున తీయబోతే స్పీకరు నొక్కుకుపోయింది. నాకూ వినబడుతోంది.

"చిన్నమ్మడూ, నేనేనమ్మా. పెద్దమ్మడు బజారుకెళ్ళింది." గొంతు తగ్గించారు. "ఒక్కటి అడుగుదామని. ఆ రెండు అపాయింట్‌మెంట్ల పని ఏమైంది? ఎవరైనా చూశారా? నిద్ర పట్టడం లేదు. ఏ ముసలమ్మో అంతదూరంనించి వచ్చి చోటు లేదనిపించుకుంటే పాపం కదా."

అక్క నా వైపు చూసింది. నేను తల ఊపాను. చెప్పెయ్, అంతా చెప్పెయ్ అని.

"అయిపోయింది బావగారూ" అంది అక్క. "ఈ వారమే కలిపేశారు."

"నిజంగా? ఆ అబ్బాయి చూశాడా చివరికి?"

"చూశాడు."

"ఏమన్నాడు? ఏం మార్చమన్నాడు?"

"ఏమీ మార్చలేదు. ఉన్నది ఉన్నట్టే కలిపాడు."

అవతల ఆయన నవ్వు వినిపించింది. ఎంత సంతోషంగా నవ్వారో! "చూశావా మరి? నేను చెప్పలేదూ? నిదానంగా చూస్తే తనకే తెలుస్తుందని. మంచి కుర్రాడే. మనమే తొందరపడ్డాం." తరవాత ఇంకా మెల్లగా అడిగారు. "అయితే ఇంక ఆ పాతవాటిలో నా పేరు ఉండదు కదమ్మా?"

"ఉండదు బావగారూ" అంది అక్క. "ఇంకెక్కడా ఉండదు."